సూది మొన ఎక్కడ ఆగింది?

పుట్టిన బిడ్డకు బీసీజీ టీకా వేస్తున్న ఏఎన్‌ఎం చేతిని ఎప్పుడైనా గమనించారా? బిడ్డ ఎడమ చేయి పైభాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో బిగించి పట్టుకుంటుంది. సన్నటి సూదిని దాదాపు పడుకోబెట్టి, మొన కోసు పైకి ఉండేలా చర్మంలోకి దూరుస్తుంది. ఎక్కించాల్సింది 0.05 మిల్లీలీటరు మాత్రమే, ఒక చుక్క. ఆ చుక్క కూడా ఊరికే దిగదు. బొటనవేలితో ప్లంజర్‌ని గట్టిగా అదిమితే గాని కదలదు. కదిలాక చర్మం మీద పాలిపోయిన చిన్న బుడిపె లేస్తుంది, దాని మీద వెంట్రుక కుదుళ్ల గుంటలు విడివిడిగా కనపడతాయి. బుడిపె లేచిందంటే టీకా పడాల్సిన చోట పడింది. అలా కాకుండా ప్లంజర్ సర్రున జారి, పైన ఏ బుడిపే లేవకపోతే సూది లోతుకు పోయిందని అర్థం. అప్పుడు ఆ చోట చీముగడ్డ కట్టడం, చంకలో బిళ్లలు వాయడం లాంటి ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ.

మందు మొండికేసిన చోటికీ, సర్రున జారిన చోటికీ మధ్య దూరం పసిబిడ్డలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంత దగ్గరగా ఉన్న రెండు పొరలూ ఒకే కుటుంబానికి చెందినవి కూడా. ఇంటర్ జువాలజీ పుస్తకంలో ‘సంయోజక కణజాలం’ అని చదువుకున్న కుటుంబం ఇదే. శరీరంలో ఒకదాన్నొకటి పట్టి ఉంచేదీ, సందులు నింపేదీ, లాగినప్పుడు తెగకుండా ఆపేదీ అదే. దీన్ని పాఠంగా చదివితే పేర్లు తప్ప ఏమీ గుర్తుండవని నా అనుభవం. ఇంజెక్షన్ వేసే వాళ్ల బొటనవేలితో చదివితే నాలుగు రకాలూ నాలుగు రకాలుగానే తెలుస్తాయి.

ఈ కుటుంబంలో ఏ కణజాలాన్ని తీసుకున్నా ఉండే సరుకు మూడే. కణాలు, తంతువులు, ఆ రెండింటి మధ్య నీటిని పట్టి ఉంచే జిగురు. తంతువుల్లో ముఖ్యమైనది కొల్లాజెన్. లాగితే దాదాపు సాగదు, అంత గట్టిది. రెండోది ఎలాస్టిన్, లాగితే సాగి వదిలితే వెనక్కి వస్తుంది. మూడోది జాలక తంతువు, అదీ ఒక రకం కొల్లాజెనే గాని చాలా సన్నగా వలలా అల్లుకుంటుంది. ఈ తంతువులను నేసేది ఫైబ్రోబ్లాస్ట్ అనే కణం. నాలుగు కణజాలాలకూ తేడా ఎక్కడ వస్తుందంటే, ఏ సరుకు ఎంత ఉంది, తంతువులు ఎటు తిరిగి ఉన్నాయి అన్న దగ్గరే.

బీసీజీ చుక్కను దిగనివ్వనిది చర్మంలోని అంతశ్చర్మం. అందులో కింది పెద్ద భాగం క్రమం లేని దట్టమైన కణజాలం. మందపాటి కొల్లాజెన్ కట్టలు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, చేతికి అందినట్టు పెనవేసుకుని ఉంటాయి. అదిమి పరిచిన కొబ్బరి పీచును ఊహించుకోండి. మధ్యలో ఎలాస్టిన్ పోగులు కొన్ని. కణాలు తక్కువ, ఉన్నవాటిలో ఎక్కువ ఫైబ్రోబ్లాస్టులే, అవీ కట్టల సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. ద్రవం పరుచుకోవడానికి ఖాళీ లేదు కాబట్టి మందు పక్కలకు పోలేక పైకి ఉబ్బుతుంది. మనం చూసే బుడిపె అదే.

తంతువులు అన్ని వైపులా ఎందుకున్నాయంటే చర్మాన్ని ఎటు నుంచి లాగుతారో ముందుగా తెలియదు కనుక. మోచేయి మడిస్తే ఒకవైపు, బిడ్డ జుట్టు పట్టి లాగితే ఇంకోవైపు. కీళ్ల చుట్టూ ఉండే తిత్తి, ఎముకను కప్పే పొర, గుండెకు బయట ఉండే గట్టి సంచి, మూత్రపిండం మీది తొడుగు, ఇవన్నీ ఇలాంటి బాపతే. ఒత్తిడి నలువైపులా వచ్చే చోట్లన్నమాట. జంతువు తోలును శుద్ధి చేసి చెప్పులు కుట్టినప్పుడు మనం తొడుక్కునేది కూడా అంతశ్చర్మంలోని ఈ కొల్లాజెన్నే. పైపొరా వెంట్రుకలూ ఊడగొట్టేస్తారు, కింది కొవ్వు గీకేస్తారు, మిగిలేది ఇదే.

అయితే ‘క్రమం లేని’ అన్నమాటను పూర్తిగా నమ్మకూడదు. వియన్నాలో కార్ల్ లాంగర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1861లో శవాల చర్మం మీద గుండ్రటి మొన ఉన్న సూదితో వరసగా పొడిచాడు. పొడిచింది గుండ్రంగానే అయినా చిల్లులు గుండ్రంగా నిలవలేదు, సన్నటి చీలికల్లా సాగాయి. శరీరంలో ఒక్కో చోట ఒక్కో దిశకు సాగాయి. తంతువులు అన్ని వైపులా ఉన్నా ఒక వైపు మొగ్గు ఉంటుందని దాంతో తెలిసింది. ఈనాటికీ సర్జన్లు ముఖం మీదా మెడ మీదా కోత పెట్టేటప్పుడు చర్మం సహజంగా ఎటు బిగుతుగా ఉందో చూస్తారు. ఆ గీతల వెంట కోస్తే గాయం అంచులు విడిపోవు, మచ్చ సన్నగా పడుతుంది. అడ్డంగా కోస్తే మచ్చ వెడల్పవుతుంది.

అంతశ్చర్మంలో పై అంచున మాత్రం పలచటి వదులు కణజాలం ఉంది, అందులో రోగనిరోధక కణాలు కాపలా తిరుగుతుంటాయి. చర్మంలోకే వేసే టీకాకు తక్కువ మందు సరిపోవడానికి ఇదే ముఖ్య కారణం. కుక్క కరిచినప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసే రేబిస్ టీకా చూడండి. చర్మంలోకి వేసే పద్ధతిలో ఒక్కో విడతకు 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు చోట్ల వేస్తారు. అదే కండలోకైతే సీసా మొత్తం కావాలి. ఒకే మందు, ఒకే రక్షణ, ఖర్చులో మాత్రం బోలెడు తేడా. కాకపోతే వేసే చేతికి పనితనం ఉండాలి, బుడిపె లేవకపోతే ఆ మోతాదు లెక్కలోకి రాదు, కొంచెం పక్కన మళ్లీ వేస్తారు.

ఇప్పుడు సూదిని ఇంకొంచెం లోపలికి దింపుదాం. బొటనవేలి కింద పట్టు ఒక్కసారిగా సడలుతుంది. చర్మం అడుగున వదులు సంయోజక కణజాలం మొదలైంది. ఇక్కడ కొల్లాజెన్, ఎలాస్టిన్, జాలక తంతువులు మూడూ ఉన్నాయి గాని దూరం దూరంగా, ఏ వరసా లేకుండా ఉంటాయి. జిగురు భాగం ఎక్కువ. అందులో హయలురోనాన్ అనే పదార్థం ఉంటుంది, తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచగలదు. కణాల రకాలు కూడా ఇక్కడే ఎక్కువ. ఫైబ్రోబ్లాస్టులతో పాటు చెత్తనూ క్రిములనూ మింగే మాక్రోఫేజ్‌లు, హిస్టమిన్ నింపుకున్న మాస్ట్ కణాలు, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు, రక్తం నుంచి అవసరాన్ని బట్టి వచ్చి పోయే తెల్ల కణాలు. పేగు లోపలి పొర కింద, రక్తనాళాల చుట్టూ, నరాల చుట్టూ, చర్మం కింద, ఎక్కడ రెండు వస్తువులు ఒకదాని మీద ఒకటి జారాలో అక్కడ ఈ కణజాలం ఉంటుంది. ముంజేతి వెనక చర్మాన్ని పట్టుకుని అటూ ఇటూ జరిపి చూడండి, కింద జరిగేది ఇదే.

ఇందులో ఎంత ద్రవం పడుతుందో పెద్దవాళ్ల వైద్యం చేసేవారికి తెలుసు. ముసలితనంలో రక్తనాళం దొరక్క సెలైన్ పెట్టడం కుదరనప్పుడు తొడ మీదో పొట్ట మీదో చర్మం కిందికే సూది దింపి, నిమిషానికి దాదాపు ఒక మిల్లీలీటరు చొప్పున సెలైన్ ఎక్కించే పద్ధతి ఒకటుంది. చర్మంలో 0.05 మిల్లీలీటరుకే బుడిపె లేచిన మనిషికి, రెండు మిల్లీమీటర్ల కింద వందల మిల్లీలీటర్లు మెల్లగా ఇంకిపోతాయి. తేనెటీగ కనురెప్ప మీద కుడితే కన్ను మూసుకుపోయేంతగా వాయడమూ ఇందువల్లే. మాస్ట్ కణాలు హిస్టమిన్ వదులుతాయి, రక్తనాళాల్లోంచి నీరు ఊరుతుంది, రెప్ప చర్మం కింద కొవ్వు దాదాపు లేదు, ఉన్నదంతా వదులు కణజాలమే. అదే అరచేతిలో కుడితే నొప్పి ఎక్కువ, వాపు తక్కువ. అరచేతి చర్మాన్ని కింది పొరలకు గట్టి తంతువులు కట్టేసి ఉంచుతాయి.

ఈ వెసులుబాటు శత్రువులకూ ఉంది. స్ట్రెప్టోకోకస్ జాతి బాక్టీరియాలు కొన్ని హయలురోనిడేజ్ అనే ఎంజైమును వదిలి, ఆ జిగురును పలచన చేసి, దారి చేసుకుంటూ పోతాయి. పాము విషాల్లో కూడా ఈ ఎంజైము ఉంటుంది. కాలి మీద చిన్న పగులుతో మొదలైన సెల్యులైటిస్ ఒక రాత్రిలో చీలమండ నుంచి పిక్కదాకా ఎగబాకుతుంది. అంచు ఎక్కడుందో ఇంత అని చెప్పలేం, కాబట్టే డాక్టర్లు ఎర్రదనం చుట్టూ పెన్నుతో గీత గీసి, మరునాడు గీత దాటిందా లేదా చూస్తారు. అదే ఎంజైమును వైద్యులూ వాడుకుంటారు. కంటి ఆపరేషన్‌కు ముందు కంటి వెనక ఇచ్చే మత్తుమందులో కొంచెం కలిపితే మందు త్వరగా పరుచుకుంటుంది.

చర్మం కింద వదులు కణజాలం ఒక్కటే ఉండదు, దాంతో కలిసి కొవ్వు ఉంటుంది. కొవ్వు కూడా సంయోజక కణజాలమేనంటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇక్కడ లెక్క తలకిందులు. మిగతా మూడింటిలో కణాల బయట ఉన్న సరుకే ప్రధానం, కొవ్వులో కణమే ప్రధానం. ఒక్కో కణం నిండా ఒకే పెద్ద నూనె బొట్టు. కేంద్రకమూ మిగతా సరంజామా ఒక అంచుకు నెట్టుకుపోయి పలచటి రేకులా ఉంటాయి. ప్రతి కణం చుట్టూ సన్నటి జాలక తంతువుల గూడు, పక్కనే ఒక రక్త కేశనాళిక. ల్యాబ్‌లో స్లయిడ్ తయారుచేసేటప్పుడు వాడే ఆల్కహాలూ జైలీనూ కొవ్వును కరిగించేస్తాయి, అందుకని మైక్రోస్కోపులో చూస్తే కణాలు ఖాళీ గదుల్లా కనపడతాయి. కొల్లాజెన్ మాత్రం గులాబీ రంగు పట్టి నిలుస్తుంది. మెడికల్ విద్యార్థి తొలిరోజే గుర్తుపట్టగల స్లయిడ్ ఏదంటే ఇదే. చర్మం కింద, మూత్రపిండాల చుట్టూ, కడుపులో పేగుల ముందు వేలాడే పొరలో, కనుగుడ్డు వెనక కొవ్వు ఉంటుంది. మడమ కింద కూడా ఉంది గాని అక్కడ గట్టి తంతువుల గోడలు కొవ్వును చిన్న చిన్న గదుల్లో బంధించి ఉంచుతాయి, లేకపోతే నిలబడగానే పక్కలకు జారిపోయేది.

కొవ్వుతో సూదికి ఉన్న సంబంధం ఇన్సులిన్ వేసుకునే వాళ్లకు బాగా తెలియాలి. ఇక్కడ ఒక మనిషిని ఊహించుకుందాం. యాభై అయిదేళ్ల దర్జీ, పదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నాడు. పెన్నుకు బిగించే సూది పొడవు 4 మిల్లీమీటర్లు. ఇంజెక్షన్ వేసుకునే చోట్లలో పెద్దల చర్మం మందం సగటున 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మనిషి సన్నగా ఉన్నా లావుగా ఉన్నా ఇందులో పెద్ద తేడా రాదు, తేడా అంతా కింది కొవ్వులోనే. కాబట్టి 4 మిల్లీమీటర్ల సూది నిలువుగా గుచ్చితే చర్మం దాటి, కండను తాకకుండా, కొవ్వులో ఆగుతుంది. పొడుగు సూది వాడితే బక్కపలచని మనిషి తొడలో అది కండలోకి పోవచ్చు. కండలో పడిన ఇన్సులిన్ త్వరగా రక్తంలో కలిసి చక్కెర అనుకోకుండా పడిపోతుంది.

మన దర్జీ సూది పొడవు సరైనదే, చోటే మారడం లేదు. బొడ్డుకు కుడిపక్కన, రోజూ అక్కడే. కొన్నాళ్లకు ఆ చోట మెత్తటి రబ్బరులాంటి గడ్డ తేలింది. ఇన్సులిన్ చేసే పనుల్లో కొవ్వును పోగుచేయించడం ఒకటి, పదే పదే ఒకే చోట పడితే అక్కడి కొవ్వు కణాలు ఉబ్బిపోతాయి. దీన్ని లైపోహైపర్‌ట్రఫీ అంటారు. అందులో గుచ్చితే నొప్పి తెలియదు, అందువల్ల మనిషి మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్తాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు ఆలస్యంగా, ఇంకోరోజు తొందరగా కదులుతుంది. పొద్దున పరీక్షలో ఒకనాడు 280, మరునాడు 75. తిండి మారలేదు, మోతాదు మారలేదు. ఇలాంటి మనిషికి డాక్టరు మోతాదు పెంచే ముందు చొక్కా ఎత్తి పొట్ట మీద చేత్తో తడిమి చూడాలి, గడ్డ కంటికి కనపడకపోయినా వేళ్లకు తగులుతుంది. వైద్యం తేలికే. ఆ చోటును నెలల తరబడి వదిలేయాలి, ప్రతిసారీ వెనకటి చోటుకు కనీసం ఒక సెంటీమీటరు ఎడంగా గుచ్చాలి. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. మంచి చోటుకు మారాక పాత మోతాదే వేసుకుంటే మందు పూర్తిగా పనిచేసి చక్కెర బాగా పడిపోవచ్చు. కాబట్టి చోటు మార్చే రోజు నుంచే మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి, చక్కెర తరచూ చూసుకోవాలి.

రేబిస్ టీకాను పిరుదుకు వేయకూడదనడానికీ కొవ్వే కారణం. కండలోకి అనుకున్న సూది అక్కడి మందపాటి కొవ్వులోనే ఆగిపోతే శరీరం తగినంతగా స్పందించదు. అందుకే పెద్దలకు భుజం కండకు, చంటిపిల్లలకు తొడ ముందు పక్కకు వేస్తారు.

ఇక నాలుగోది, దర్జీ చేతిలోనే ఉంది. కుడిచేతి ఉంగరపు వేలు పొద్దున లేవగానే మడిచింది మడిచినట్టే ఉండిపోతోంది. ఇంకో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. ట్రిగ్గర్ ఫింగర్ అనే ఈ ఇబ్బంది మధుమేహం ఉన్నవాళ్లలో మిగతావారి కంటే ఎక్కువ. వేలిని మడిచే కండ ముంజేతిలో ఉంది, దాని లాగుడును వేలి ఎముకకు చేరవేసేది టెండన్. వాడుకలో దీన్నీ నరమే అంటాం గాని నిజమైన నరం వేరు. టెండన్ క్రమమైన దట్టమైన కణజాలం. కొల్లాజెన్ కట్టలన్నీ ఒకే దిశలో, లాగుడు ఎటుంటే అటు, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉంటాయి. కణాలు బహుతక్కువ. ఆ ఫైబ్రోబ్లాస్టులు కూడా కట్టల మధ్య నలిగి సన్నగా సాగి, వరసల్లో ఉంటాయి. లాగనప్పుడు తంతువుల్లో చిన్న చిన్న అలలుంటాయి, లాగిన మొదటి క్షణంలో ఆ అలలు సాపు అవుతాయి, ఆ తర్వాతే అసలు బిగుతు మొదలవుతుంది. ఎముకను ఎముకకు కట్టే లిగమెంట్లదీ ఇదే తీరు. వెన్నుపూసల మధ్య ఉండే కొన్ని లిగమెంట్లలో మాత్రం ఎలాస్టిన్ ఎక్కువ, వంగి లేవాలి కదా.

పొడవునా లాగితే మహా గట్టి. అడ్డంగా చీల్చడం సులువు. రక్తనాళాలు తక్కువ కనుక తెగితే మానడానికి వారాలు కాదు, నెలలు. మడమ పైన ఉండే అకిలిస్ టెండన్ తెగినవాళ్లు మళ్లీ పరుగెత్తడానికి అన్ని నెలలు ఆగాల్సి రావడం ఇందుకే. అదే చర్మం తెగితే పది, పన్నెండు రోజుల్లో కుట్లు తీసేస్తారు.

దర్జీ వేలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలనుకున్నారు డాక్టరు. వేలి మొదట్లో, అరచేతి లోపల, టెండన్ ఒక చిన్న తంతుపట్టీ కింది నుంచి తొడుగులో జారుతూ పోతుంది. ఆ పట్టీ మందమైపోవడం వల్లే వేలు ఇరుక్కుంటోంది. మందు పడాల్సింది తొడుగు లోపలి సందులో, టెండన్‌లో కాదు. సూది దిగాక డాక్టరు దర్జీని వేలి కొసను కొంచెం కదపమంటారు. సిరంజి కూడా వేలితో పాటు ఊగితే మొన టెండన్‌లో గుచ్చుకున్నట్టు. ప్లంజర్ కూడా కదలనని మొరాయిస్తుంది. వరసగా బిగిసిన కొల్లాజెన్ మధ్య ద్రవానికి చోటెక్కడిది? అక్కడ బలవంతంగా నొక్కితే తంతువులు విడిపోయి టెండన్ బలహీనపడుతుంది, అరుదుగా తర్వాత తెగిపోవచ్చు కూడా. అందుకే బొటనవేలితో మెల్లగా ఒత్తుతూ సూదిని వెంట్రుకవాసి వెనక్కి తీస్తారు. ఒక చోట పట్టు సడలి మందు జారుతుంది. మొన టెండన్ దాటి సందులోకి వచ్చింది.

ఈ ఇంజెక్షన్ తర్వాత మధుమేహం ఉన్నవారికి కొన్ని రోజులపాటు చక్కెర పెరుగుతుంది, ముందే చెప్పి పంపాలి. వాళ్లలో ఈ మందు పనిచేసే అవకాశం కూడా కొంత తక్కువ, కొందరికి చివరికి ఆ పట్టీని కోసి వదులు చేయాల్సి వస్తుంది. స్టెరాయిడ్ సూది వెంట వెనక్కి కారి చర్మంలోకి, కొవ్వులోకి వస్తే ఇంకో రకం గుర్తు మిగులుతుంది. అక్కడి కొవ్వు కణాలు చిక్కిపోయి చర్మం మీద గుంట పడుతుంది, రంగు తగ్గి తెల్లబారుతుంది. నల్లటి చర్మం మీద ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది గనుక చాలామంది బొల్లి అనుకుని భయపడి వస్తారు. ఎక్కువమందిలో కొన్ని నెలల నుంచి ఏడాది లోపు గుంట పూడుతుంది, రంగూ తిరిగి వస్తుంది.